మాల్యాద్రి సారు మూడుసార్లు చెప్పిన మాట

మాల్యాద్రి సారు లోకంలో ఎవరినీ ఊరికే నమ్మడు. మందుల షాపులో మాత్రలు కొంటే అట్ట వెనక తేదీ చూడటం అందరూ చేసే పనే. ఆయన ఆ తేదీని గోటితో గీకి, అడుగున ఇంకో తేదీ ఏమన్నా ఉందేమోనని కూడా చూస్తాడు. పుచ్చకాయలబండి వాడు కాయను తట్టి చూపిస్తే, వాడు తట్టిన కాయను పక్కన పెట్టించి వాడు తట్టని కాయను తీసుకుంటాడు. ఇంట్లో భార్య వెంకటసుబ్బులమ్మ "కూరలో ఉప్పు సరిపోయింది" అంటే చాలు, వేలు ముంచి నాలుక మీద వేసుకుంటే తప్ప అన్నంలో కలుపుకోడు. "మా పెండ్లినాడు తాళి కట్టేముందు నేనే పెండ్లికూతుర్నా కాదా అని ముసుగు తీసి చూసినాడు మహానుభావుడు" అని ఆమె ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంటుంది. ఆయన మాత్రం నవ్వడు. అందులో నవ్వాల్సిందేముందో ఆయనకు అర్థం కాదు.

ఈ గుణం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. గిద్దలూరు అవతల కొండ కింద పల్లెలో ఆ తండ్రి గంగయ్య గొర్రెల మనిషి. సంతలో పొట్టేలు కొనేటప్పుడు అమ్మేవాడు దాని వయసు ఎంత చెప్పినా వినిపించుకునేవాడు కాదు. దవడ పట్టుకుని నోరు తెరిపించి పళ్లు చూసేవాడు. "మనిషి చెప్తాడు, పళ్లు చెప్తాయి. పళ్ల మాట నమ్మురా నాయనా" అనేవాడు కొడుకుతో. ఆ కొడుకు గొర్రెల వెంట పోకుండా బడికి పోయి, బీఎస్సీ చదివి, సైన్సు అయ్యవారయ్యాడు. గొర్రెలు పోయాయి గాని నోరు తెరిపించి చూసే అలవాటు పోలేదు. పిల్లల దగ్గర మొదలుపెట్టాడు.

ఆయన పాఠం చెప్పే తీరు ఆ చుట్టుపక్కల బళ్లలో చదివిన వాళ్లందరికీ తెలుసు. సరైన మాట తన నోటితో చెప్పడు. తప్పు మాట చెప్తాడు. అది కూడా ముఖంలో ఏ మార్పూ లేకుండా, వేదవాక్కులా చెప్తాడు. "తిమింగలం చేప. నీళ్లల్లో ఉంటది, ఈదుతది, ఇంక చేప కాకపోతే ఏంది? చేపే. కరెక్టేనా?" అంటాడు. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు "కాదు సార్!" అని అరుస్తాడు. "మరి?" అంటాడు. క్లాసంతా "క్షీరదం సార్!" అంటుంది. "ఆ! వెరీ గుడ్, కూర్చో" అని ముందుకు పోతాడు. తలాడించిన పిల్లవాడి పని అయిపోయినట్టే. "నేను చెప్పినానని నమ్మినావా? రేపు ఇంకొకడు ఇంకోటి చెప్తాడు, అదీ నమ్ముతావా?" అని కడిగిపారేసేవాడు. ఆయన దగ్గర చదివినవాళ్లు మర్చిపోవాలన్నా మర్చిపోలేరు. తమ నోటితో తాము అరిచి చెప్పిన మాట ఎవరు మాత్రం మర్చిపోతారు?

రిటైరయ్యాక మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నాడు. ఊరికే కూర్చుంటే భార్యను అనుమానించడం తప్ప వేరే పని ఉండదని, ఆమే పోరి పోరి డీఎస్సీ కోచింగ్ సెంటరుకు పంపించింది. బస్టాండు దగ్గర మేడ మీద ఉంది ఆ సెంటరు. నడిపేది మోహన్‌కృష్ణ అనే కుర్రవాడు. పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇళ్ల నుంచి, మెట్ట సేద్యం చేసుకునే ఊళ్ల నుంచి టీచరు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నవాళ్లంతా అక్కడికి వస్తారు. మాల్యాద్రి సారు బయాలజీ అంటే గది నిండిపోయి వరండాలో కుర్చీలు వేయాల్సి వచ్చేది. ఆయనకు మిగిలిన ఆస్తి అదొక్కటే. మాల్యాద్రి సారు చెప్పాడంటే తిరుగులేదన్న పేరు.

అట్లాంటి రోజుల్లో మోహన్‌కృష్ణ ఒక బుల్లి మైకు తెచ్చాడు. బట్టలక్లిప్పులా ఉండే దాన్ని సారు కాలరుకు తగిలించాడు.

"ఇదేంది?" అన్నాడు మాల్యాద్రి సారు, కాలరును దూరంగా లాక్కుంటూ.

"రికార్డింగుకు సార్. మీరు చెప్పిందంతా ఫోనులోకి పోతది. ఫోనే దాన్ని తెలుగులో టైపు కొట్టి ఇస్తది. ఆ టైపు కాగితాన్ని మన ఉషారాణి మేడమ్ శుభ్రంగా నోట్సు చేస్తది. క్లాసుకు రాలేనోళ్లకు పంపిస్తాం. తర్లుపాడు, త్రిపురాంతకం, ఆ పక్క పల్లెలోళ్లు కూలీనాలీ మానుకొని రోజూ బస్సెక్కలేరు గదా సార్."

"నోట్సు తయారైనాక నాతో పనేముంటది?"

"అయ్యో, అట్లెందుకు అనుకుంటారు సార్!"

ఎట్లా అనుకోకుండా ఉంటాడు? ఆయన మాల్యాద్రి. మాటలన్నీ పిండి సీసాకు పోసుకున్నాక పిప్పిని పారేస్తారు, అంతే గదా. మైకు పెట్టుకోనంటే వేరే సారును తెచ్చుకుంటారు. పెట్టుకుంటే కొన్నాళ్లకు తెచ్చుకుంటారు. ఆ లెక్క వేసుకుని, పళ్లు కొరుక్కుంటూ పెట్టుకున్నాడు.

ఉషారాణిది తర్లుపాడు. తండ్రి యేసుదాసు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేస్తాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చదివేది ఆ పిల్లే. బీఎడ్ చేసింది, డీఎస్సీ ఒకసారి రాసి కొద్దిలో తప్పిపోయింది. మళ్లీ రాయాలంటే ఇల్లు గడవాలి. మోహన్‌కృష్ణ నోట్సు పని ఇస్తానంటే చేరింది. అంతకుముందు రోడ్డుకు అవతల ఉన్న ఇంకో కోచింగ్ సెంటరులో కొన్నాళ్లు పనిచేసిందని తెలిసినప్పుడే మాల్యాద్రి సారుకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒకరోజు జ్యూసు షాపు దగ్గర ఆ సెంటరు ఓనరుతో ఆమె నవ్వుతూ మాట్లాడటం కళ్లారా చూశాడు. మనసులో ఒక పక్కన రాసి పెట్టుకున్నాడు.

ఒకసారి ఆమె పనిచేసే గదిలోకి తొంగిచూశాడు కూడా. ఉషారాణి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముందు కంప్యూటరులో ఆయన మాటలు వరసగా పెట్టుకుని ఉంది. ఫోను కొట్టి ఇచ్చిన టైపు అది. చుక్క లేదు, కామా లేదు, ఒక పేరా అంటూ లేదు. 'అంటే అన్నమాట చూడండి చూడండి ఇప్పుడు ఏమైతదంటే' అని ఏరులా పోతూనే ఉంది. తన మాటలేనా ఇవి అని ఆయనకే అసహ్యం వేసింది.

"ఇదంతా కొట్టేస్తావా?" అన్నాడు.

"మొత్తం కాదు సార్" అంది, లేచి నిలబడుతూ. "అంటే, అన్నమాట, కరెక్టేనా, అర్థమైందా, ఆ, మరి, వెరీ గుడ్, కూర్చో, ఇట్లాంటివన్నీ తీసేస్తా. చెప్పిందే మళ్లీ చెప్తే బాగా స్పష్టంగా ఉన్న ముక్క ఒకటి ఉంచి మిగతావి తీసేస్తా. కాకపోతే మీరు ఏదన్నా మూడుసార్లు చెప్పినారంటే అది పరీక్షలో వచ్చేదని అర్థం గదా, దాన్ని గడి కట్టి ముఖ్యం అని పెడ్తా. బర్రె సంగతి, కంభం చెరువు సంగతి, మధ్యలో చెప్పే కథలు పాఠానికి పనికిరానివైతే పోతాయి. పనికొచ్చే ఉదాహరణైతే ఒక్క లైనులో ఉంచుతా. తర్వాత హెడ్డింగులు పెట్టి వరస చేస్తా."

"నా కథలు పనికొచ్చేవో కానివో నువ్వు తేలుస్తావన్నమాట!"

ఆ పిల్ల నొచ్చుకుంది. "మీరొకసారి చూసి దిద్దితే మంచిది సార్" అంది. ప్రింటు తీసి చేతికివ్వబోయింది. ఆయన ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆ కుట్రకు తాను కూడా ఒప్పుకున్నట్టవుతుందని ఆయన భయం. బజారులో అగ్గిపెట్టె కొన్నా పుల్లలు తీసి చూసుకునే మనిషి, జీవితంలో తప్పకుండా చదివి చూడాల్సిన కాగితాన్ని మాత్రం చదవలేదు. బింకం అట్లాంటిది మరి.

సోషల్ సారు నోట్సు, తెలుగు సారు నోట్సు అందరికీ పోయాయి, ఒక్క తప్పూ లేదని పేరొచ్చింది. వాళ్లు పాఠం తిన్నగా చెప్పుకుంటూ పోయేవాళ్లే. బయాలజీ నోట్సు వాటి వెనకే పోయింది.

శ్రీదేవి అని ఒకామె త్రిపురాంతకం దగ్గరి ఊరి నుంచి బస్సుకు వచ్చేది. గొర్రెల ఇంటి కోడలు, చంటిపిల్ల తల్లి. బస్సు ఎప్పుడూ ఆలస్యం, అందుకని ఎప్పుడూ ఆఖరి బెంచీ. ఆ రోజు క్లాసు అయిపోయాక లేచి నిలబడింది.

"సార్, ఒక డౌటు. నోట్సులో గడి కట్టి పెట్టినారు, ధమనులన్నీ మంచి రక్తమే మోస్తాయని. మరి పుపుస ధమని చెడు రక్తం గదా సార్ మోసేది, గుండె నుంచి ఊపిరితిత్తులకు? ఏది రాయాల పరీక్షలో?"

"నోట్సులో అట్ల ఉందా?"

ఉంది. అది ఒక్కటే కాదు. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని ఉంది. విటమిన్లన్నీ నీళ్లలో కరుగుతాయని ఉంది. ప్రతి దాని చుట్టూ ముచ్చటగా గడి, పైన 'ముఖ్యం' అని, పేజీ అడుగున 'బయాలజీ: మాల్యాద్రి సార్' అని. చదువుతుంటే మాల్యాద్రి సారుకు ఒళ్లంతా మంట పుట్టింది. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న పేరు. ఈ కాగితాలు ఎన్ని పల్లెల్లో ఎంతమంది ఫోనుల్లో ఉన్నాయో! పరీక్ష దగ్గరికొచ్చింది. వాళ్లంతా ఇవే బట్టీ కొడుతున్నారు.

జ్యూసు షాపు దగ్గరి నవ్వు గుర్తొచ్చింది. ఇంకేం కావాలి? అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"ఉషారాణీ!" అని ఆయన అరిచిన అరుపుకు వరండాలో ఉన్నవాళ్లు కూడా లోపలికొచ్చారు. ఆమె పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు పెట్టించినారు ఇది? అవతలి సెంటరోడేనా? ఎంతకాలం నుంచి జరుగుతాంది ఈ భాగోతం?"

ఆమె కాగితం చూసింది, ఆయనను చూసింది. "మీరు చెప్పిందే రాసినా సార్."

"నేనా? నేను చెప్పినానా ధమనులన్నీ మంచి రక్తమని? ఎనిమిదో క్లాసు పిల్లోడు చెప్పడు ఆ మాట!" క్లాసు వైపు తిరిగాడు. "చూడండి, మీ కూడు తినుకుంట మీ నోట్లోనే మన్ను కొడ్తాంది ఈమె."

ఎవరూ నోరు మెదపలేదు. ఉషారాణి కళ్లలో నీళ్లు రానివ్వలేదు. "దేవుడు చూస్తున్నాడు సార్" అంది. బ్యాగు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ మాట విని కూడా ఆయన మనసు కరగలేదు. దొంగలు ముందు దేవుణ్ణే సాక్షిగా పిలుస్తారని అనుకున్నాడు.

మోహన్‌కృష్ణ మాత్రం ఆయనను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేసి, కంప్యూటరులో ఆ రోజు రికార్డింగు వెతికి పెట్టాడు. "మీరే వినండి సార్" అన్నాడు.

ఆయన గొంతే. అనుమానం లేదు, అదే బొంగురు, అదే యాస. "ధమని అంటే మంచి రక్తం. ధమనులన్నీ మంచి రక్తమే మోస్తాయి. అంతే గదా? ఇంక దాంట్లో ఆలోచించేదేముంది, ధమనులన్నీ మంచి రక్తమే. కరెక్టేనా?" కాసేపు ఏమీ లేదు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. తర్వాత మళ్లీ తన గొంతే తృప్తిగా, "ఆ! వెరీ గుడ్. అది ఏ రక్తం? ఆ. కూర్చో. ఇప్పుడు సిరలకు వద్దాం."

మళ్లీ పెట్టించుకున్నాడు. మళ్లీ అదే. మొక్కల పాఠం పెట్టించుకున్నాడు. తనే తప్పు చెప్పి, తనే వెరీ గుడ్ అనుకుని, ముందుకు పోయాడు.

"ఏమన్నా ఒంట్లో బాగుంటల్లేదా సార్?" అన్నాడు మోహన్‌కృష్ణ మెల్లగా. "మిగతా యూనిట్లకు ఒంగోలు నుంచి ఒక సారును అడిగి పెడ్తా. మీరు రెస్టు తీసుకోండి."

ఆ మెట్లు దిగేటప్పుడు మాల్యాద్రి సారు పక్కనున్న కమ్మీలు పట్టుకుని దిగాడు. లోకంలో ఎవరినీ నమ్మని మనిషికి తన చెవులను నమ్మక తప్పలేదు. అవి చెప్పిందేమంటే, తన బుర్ర చెడిపోయిందని. ఆయన పెద్దన్న చివరి రోజుల్లో కన్నకూతురిని చూసి 'ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు మీది' అని అడిగాడు. అది కళ్ల ముందు ఆడింది. ఇంటి రక్తంలోనే ఉంది కాబోలు అనుకున్నాడు. తప్పు చెప్పినా క్లాసు నోటితో దిద్దించాననే ఆయనకు బాగా గుర్తుంది. పెద్దన్నకు కూడా ఆమె తన కూతురు కాదని అంత బాగానూ గుర్తుంది గదా!

అప్పటినుంచి అనుమానమంతా తన మీదకే తిరిగింది. పొద్దున్నే లేచి గుండె బొమ్మ గీసుకుని గదుల పేర్లు రాసుకునేవాడు. రాసింది పుస్తకంతో సరిచూసుకునేవాడు. అన్నీ సరిగానే ఉండేవి. అది ఇంకా భయం పుట్టించింది. ఇంట్లో సరిగ్గా ఉండి క్లాసులో తప్పు చెబుతుంటే, ఆ సంగతి తనకే తెలియకపోతే, అంతకంటే ఘోరం ఏముంది? భోజనం దగ్గర "ఉప్పు సరిపోయిందా?" అని భార్యనే అడిగాడు. రుచి చూడకుండా కలుపుకుని తిన్నాడు. వెంకటసుబ్బులమ్మకు నవ్వు రాలేదు. ఆ ఒక్క పనితో ఆమెకు గుండె జారిపోయింది.

"ఏంది నీకు? నన్నన్నా నమ్మి చెప్పు" అని పట్టుబట్టింది. చెప్పాడు. ఆమె అంతా విని, "నువ్వు తప్పు చెప్పకుండా పాఠం చెప్పింది ఎప్పుడని?" అంది. "ఆ పిల్లోళ్లను అడుగు పో. ఊళ్లో అందర్నీ అడుగుతావు, కూర్చొని విన్నోళ్లను అడగడానికి ఏం రోగం?"

అడగడానికి సిగ్గు. అయినా బస్టాండులో త్రిపురాంతకం బస్సు ఆగే చోటికి పోయి నిలబడ్డాడు. శ్రీదేవి ఆయనను చూసి గబగబా దగ్గరకొచ్చింది.

"ఏం సార్, మీరు రాకపాయె? కొత్త సార్ వస్తాడంటున్నారు."

"అమ్మా, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు. ధమనుల రోజు నేనేం చెప్పినా క్లాసులో?"

ఆమె తెల్లబోయింది. "మీరెప్పుడూ చెప్పేదే చెప్పినారు సార్, తప్పుది. కరెక్టేనా అన్నారు. మేం కాదన్నాం."

"మీరు కాదన్నారా?"

"గొంతు చించుకున్నాం గదా సార్! నా ఫోనులో ఉంది చూడండి. పిల్లను నిద్రపుచ్చుకుంట ఇంట్లో మళ్లీ వింటాను, అందుకని బెంచీ మీద పెట్టి రికార్డు చేసుకుంటా."

బస్సు హారన్ల మధ్య ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. ఆఖరి బెంచీ నుంచి తీసింది గనుక తన గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "...ధమనులన్నీ మంచి రక్తమే. కరెక్టేనా?" ఆ వెంటనే ఫోను పగిలిపోయేట్టు, ఆడా మగా అంతా కలిసి, "కాదూ సార్!" "పుపుస ధమని సార్!" అప్పుడు దూరంగా తను, "ఆ! వెరీ గుడ్. అది ఏ రక్తం?" మళ్లీ అందరూ, "చెడు రక్తం సార్!" "ఆ. కూర్చో."

మాల్యాద్రి సారు అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. బుర్ర బాగానే ఉంది. కాలరుకు పెట్టిన మైకు తన నోటికి దగ్గరగా ఉంది. రోడ్డు మీది హారన్ల గోల రాకుండా ఉండాలని మోహన్‌కృష్ణ ఫోనులో చుట్టుపక్కల చప్పుళ్లు తీసేసే ఏర్పాటు పెట్టాడు. అది హారన్లతో పాటు క్లాసునూ తీసేసింది. సరైన జవాబులన్నీ క్లాసు నోట్లో ఉన్నాయి, తప్పులన్నీ తన నోట్లో ఉన్నాయి. మైకుకు దొరికింది తన నోరే. ఇంక ఉషారాణి దగ్గరికి పోయిందేమిటి? మూడుసార్లు చెప్పిన తప్పు, దాని వెనక ఒక వెరీ గుడ్. ఆ పిల్ల తీసేయాల్సినవన్నీ పద్ధతిగా తీసేసింది. మిగిలిందానికి గడి కట్టింది.

ఇంత తెలిశాక కూడా ఆయనలో ఒక మూల పాత పురుగు తొలుస్తూనే ఉంది. బీఎడ్ చదివిన పిల్లకు పుపుస ధమని సంగతి తెలియదా? తెలిసీ ఎందుకు రాసింది? ఆ ప్రశ్న పట్టుకునే ఆయన తర్లుపాడు ఆటో ఎక్కాడు.

యేసుదాసు ఇంటి ముందు మంచం వాల్చాడు. పలకరాయి దుమ్ము ఇంకా కనుబొమ్మల మీద ఉంది. "రండి సారూ, కూర్చోండి" అన్నాడు గాని ముఖం ముడుచుకునే ఉంది. "నా బిడ్డ అబద్ధం రాసే మనిషి కాదు సారూ. కూలోళ్లమే గాని దొంగలం కాదు." మాల్యాద్రి సారు తలొంచుకుని కూర్చున్నాడు. ఉషారాణి మంచినీళ్లు తెచ్చిపెట్టి గడప దగ్గర నిలబడింది. ఆయన మైకు సంగతి, శ్రీదేవి ఫోను సంగతి అంతా చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"నాకు తెలియలేదు సార్" అంది. "నాకు చెవుల్లో ఏమీ వినపడలేదు. మీరు ఆగినారు, మళ్లీ మాట్లాడినారు. నీళ్లు తాగుతున్నారేమో అనుకున్నా. ఎప్పుడూ క్లాసులో కూర్చోలేదు గదా నేను."

"అది సరేనమ్మా. పుపుస ధమని సంగతి బీఎడ్‌లో చదవలేదా?"

"చదివినా సార్. టెన్త్‌లో కూడా చదివినా." ఆమె గడప దిగి ముందుకొచ్చింది. "మీ టైపు చూసి పుస్తకం తీసినా. పుస్తకంలో వేరేగా ఉంది. కానీ మీరు చెప్పినారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మాల్యాద్రి సార్ చెప్పినాడంటే తిరుగులేదని మా నాయన కాలం నుంచి వింటున్నా. పాత పుస్తకంలో తప్పు పడి ఉంటదని, నేనే తప్పు చదువుకున్నానని అనుకున్నా. పోయినసారి పరీక్ష ఇందుకే పోయింది కాబోలని ఏడ్చినా కూడా. పుస్తకాన్ని అనుమానించినా, నన్ను అనుమానించుకున్నా. మిమ్మల్ని మాత్రం అనుమానించలేకపోయినా సార్."

జీవితమంతా పిల్లలకు మాల్యాద్రి సారు నేర్పింది ఒక్కటే, నేను చెప్పినానని నమ్మొద్దు అని. ఎదురుగా ఉన్న ఈ పిల్ల ఆయనను నమ్మింది. ఆమె చేసిన తప్పు అదే. ఆ నమ్మకానికి ఆయన ఇచ్చిన బహుమానం నలుగురిలో దొంగ అనే పేరు. నీళ్ల గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

"తప్పైపోయింది తల్లీ" అన్నాడు చివరికి. "నోట్సు అంతా మళ్లీ చేద్దాం. తప్పులు దిద్ది అందరికీ పంపిద్దాం. నువ్వు రావాల."

"వస్తా సార్. పల్లెల్లో చదువుకునేటోళ్ల కోసం వస్తా." కింద పెట్టిన గ్లాసు తీసుకుంటూ అంది. "కానీ ఇక్కడ చెప్పింది నాకు వద్దు. మీరు అన్నది క్లాసులో."

సంగతంతా విని మోహన్‌కృష్ణ ఒంగోలు సారును వద్దన్నాడు. శ్రీదేవి ఫోనులోని పాఠాలు తెప్పించి, ఉషారాణి పాత టైపు పక్కన పెట్టుకుని, క్లాసు అరిచిన చోటల్లా ఆ జవాబు రాసుకుంటూ కొన్ని రోజులు కూర్చుంది. మాల్యాద్రి సారు పక్కనే కూర్చుని ప్రతి పేజీ చదివాడు. ఇద్దరూ పాఠం తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. తప్పులు దిద్దిన నోట్సు, 'పాతది చదవొద్దు' అనే హెచ్చరికతో పల్లెల ఫోనులన్నిటికీ పోయింది. ఇకమీదట క్లాసు ఏ జవాబు చెప్పినా సారు దాన్ని తన నోటితో మళ్లీ చెప్పాలని ఉషారాణి షరతు పెట్టింది. "ఇన్నేళ్ల సర్వీసులో జవాబు నేను చెప్పింది లేదు" అని గొణిగాడు గాని ఒప్పుకున్నాడు.

క్లాసు రోజు వచ్చింది. గది నిండా మనుషులు. ఉషారాణి మొదటి బెంచీలో చివరగా, పుస్తకం తెరిచి కూర్చుంది. మాల్యాద్రి సారు కాలరుకు మైకు తగిలించుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఏం చెప్పాలో రాత్రంతా కూడగట్టుకున్నాడు. తీరా నోరు తెరిచేసరికి, చేతకాని మనిషికి అలవాటే దిక్కయింది.

"మొన్న మన నోట్సులో తప్పులు పడినాయి. ఉషారాణి మేడమ్ కావాలనే రాసింది, అవతలోళ్లతో కలిసి. కరెక్టేనా?"

అన్నాక ఆగాడు. ఎప్పుడూ ఆగినట్టే, కళ్లు వాళ్ల మీద పెట్టి, చెవులు రిక్కించి. ధమనులకు గొంతు చించుకున్న క్లాసు అది. ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు. ఇది పాఠమో కాదో వాళ్లకు తెలియలేదు. మళ్లీ కోపంతో అంటున్నాడేమోనని కొందరు భయపడ్డారు. శ్రీదేవి నోరు తెరిచి, పక్కవాళ్లను చూసి, మూసుకుంది.

"ఏమ్మా? కరెక్టేనా?" అన్నాడు మళ్లీ. ఆయన గొంతులో బతిమాలుతున్నట్టుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదటి బెంచీలో ఉషారాణి చెంపలు ఎర్రబడ్డాయి. ఆమె తల వంచుకుంది. మొన్న కూడా ఇదే గది ఇట్లాగే నోరు మూసుకుందని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ రోజు ఈ మౌనంలో ఆ పిల్ల ఒక్కతే నిలబడింది. ఇప్పుడు ఆయన నిలబడ్డాడు. ఈ జవాబు ఆయన తరఫున ఎవరూ చెప్పరు.

"కాదు" అన్నాడు. దగ్గి, మైకును నోటి దగ్గరికి జరుపుకుని, రోడ్డు మీదికి కూడా వినపడేట్టు చెప్పాడు. "కాదు. ఆ అమ్మాయి నేను చెప్పిందే రాసింది. నన్ను నమ్మి రాసింది. నేను ఆమెను దొంగ అన్నా. తప్పు చేసింది నేను."

ఉషారాణి చున్నీ అంచుతో ముఖం తుడుచుకుంది. తర్వాత పెన్ను తీసుకుంది.

"పాఠం మొదలుపెట్టండి సార్" అంది. "ఆలస్యమైతే వాళ్లకు బస్సులు దొరకవు."